ఒకే వరుసలో రెండు కోతలు: నర్సంపేట క్లెయిమ్ లెటర్ ఫొటో చదివిన తీరు

హనుమకొండలో కూర్చుని హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ కాగితాలు చూడటం నా పని. వచ్చేవాళ్లలో సగం మంది కాగితం తీసుకురారు, వాట్సాప్‌లో ఫొటో పంపుతారు. ఇక్కడ చెబుతున్నది అలా ఫొటోగా వచ్చిన ఒక సెటిల్‌మెంట్ లెటర్ సంగతి. ఇంటివాళ్లను గుర్తుపట్టే వివరాలేవీ రాయడం లేదు. అంకెలు మాత్రం ఆ లెటర్‌లో ఉన్నట్టే ఇస్తున్నాను.

పంపింది నర్సంపేట అబ్బాయి. వాళ్లమ్మకు యాభై ఎనిమిదేళ్లు. పిత్తాశయంలో రాళ్లుంటే హనుమకొండలోని ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో లాపరోస్కోపీ ఆపరేషన్ చేయించారు. మూడు రోజులు ఉన్నారు. బిల్లు మొత్తం ముందు తామే కట్టి, తర్వాత రీయింబర్స్‌మెంట్‌కు పెట్టారు. ఫొటోతో పాటు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది: "అన్నా, లక్షా ఏడు వేల బిల్లు కట్టినం. అరవై రెండు వేలే పడ్డయ్. ఏది ఎందుకు కోసిండ్రో జెర చూసి చెప్పు. అమ్మ రోజూ అడుగుతాంది."

ఫొటో మంచం మీద పరిచిన దుప్పటిపైన తీసింది. లెటర్‌ను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నట్టున్నారు, ఒక మడత గీత సరిగ్గా మందుల వరుస మీదుగా పోయింది. కుడి అంచు కొంచెం తెగింది, అంటే కారణాలు రాసే 'రిమార్క్స్' గడిలో ప్రతి లైను చివరి రెండు మూడు అక్షరాలు లేవు. పట్టిక కింద 'మొత్తం' వరుస దాకా ఉంది, ఆ తర్వాత దుప్పటి పూలే కనిపిస్తున్నాయి.

నేను ముందు చూసింది ఆ మొత్తం వరుసనే. అనుమతించిన మొత్తం 69,200. బ్యాంకులో పడింది మాత్రం 62,280 అని మెసేజ్ స్క్రీన్‌షాట్ చెబుతోంది. తేడా 6,920. అది 69,200లో సరిగ్గా పదో వంతు. అంత లెక్కగా సరిపోయే తేడా ఊరికే రాదు. పాలసీలో పది శాతం కో-పే, అంటే ప్రతి క్లెయిమ్‌లో పాలసీదారు పెట్టుకోవాల్సిన వాటా, ఉండి ఉండాలి. అది పట్టిక బయట, రెండో పేజీలో రాసి ఉండాలి. ఫోన్ చేసి అడిగాను: "తమ్ముడూ, లెటర్‌కు వెనకాల ఇంకో కాగితం ఉందా?" "ఉందన్నా, అండ్ల ఏం లెక్కలు లేవని పంపలే" అన్నాడు.

రెండో కాగితంలోనే అసలు సంగతి సగం ఉంది. కో-పే లైను, చెల్లించే మొత్తం అక్షరాల్లో, రిమార్క్స్‌లో వాడిన పొట్టి అక్షరాలకు అర్థాలు, ఏ కోతకు పాలసీలోని ఏ నిబంధన ఆధారమో ఆ నంబర్లు అన్నీ అక్కడే ఉన్నాయి. అంకెల పట్టిక ఉన్న పేజీ ఒక్కటే పంపడం అందరూ చేసేదే. అందుకని ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా మొదట పేజీలు ఎన్నో అడుగుతాను. కాగితాన్ని కిటికీ దగ్గర బల్ల మీద సాపుగా పరచమంటాను, ఫ్లాష్ వద్దంటాను, నాలుగు మూలలూ కనిపించేలా తీసి ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమంటాను. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. చిన్న అచ్చులో 3, 8, 9 ఒకదానిలా ఒకటి కనిపించేది ఆ కుదింపు వల్లే.

కొత్త ఫొటోలు వచ్చాక కూడా మడత గీత కింది అంకె తేలలేదు. మందుల వరుసలో బిల్లు 26,340, అనుమతించింది 15,400 అని స్పష్టంగా ఉంది. మధ్యలో కోసిన మొత్తం మాత్రం 10,340లా ఉంది, 10,840 అన్నా నమ్మొచ్చు, 10,940 అన్నా నమ్మొచ్చు. ఇలాంటి చోట నేను కంటిని నమ్మను. నోట్‌బుక్‌లో ఆ అంకె స్థానంలో ప్రశ్న గుర్తు పెట్టి ముందుకు పోతాను. అన్ని వరుసలూ రాసుకున్నాక లెక్కే చెబుతుంది. 26,340లోంచి 15,400 తీస్తే 10,940. ఇది అడ్డంగా చూసిన లెక్క. నిలువుగా చూస్తే కోతల మొత్తం 38,640 అని అచ్చయి ఉంది. మిగతా ఏడు వరుసల కోతలు కూడితే 27,700. తేడా మళ్లీ 10,940. అడ్డం, నిలువు రెండూ ఒకే అంకె చెప్పినప్పుడు ప్రశ్న గుర్తు కొట్టేశాను. ఒక్క దిక్కు మాత్రమే సరిపోతే నేను ఒప్పుకోను. ఎందుకంటే అదే వరుసలో ఇంకో అంకెను కూడా తప్పు చదివి ఉండొచ్చు.

ఫోన్‌లో షీట్ వాడేవాళ్లకు ఇది ఇంకా తేలిక. బిల్లు `B`లో, కోత `C`లో, అనుమతించింది `D`లో వేసి పక్కన ఈ సూత్రం పెట్టి కిందికి లాగితే చాలు, సున్నా కానిచోట ఏదో తప్పు చదివినట్టు:

```
=B2-C2-D2
```

అలా తేలిన పట్టిక ఇది. చివరి గడిలో ఉన్నవి లెటర్ మాటలు, అర్థమయ్యేలా విప్పి రాశాను.

| బాబతు | బిల్లు | కోత | అనుమతించింది | లెటర్‌లో ఉన్న కారణం |
|---|---|---|---|---|
| గది అద్దె, నర్సింగ్ (3 రోజులు) | 13,500 | 4,500 | 9,000 | రోజుకు 3,000 పరిమితి |
| సర్జన్ ఫీజు | 30,000 | 10,000 | 20,000 | పీడీ |
| మత్తు డాక్టర్ | 9,000 | 3,000 | 6,000 | పీడీ |
| ఆపరేషన్ థియేటర్ | 15,000 | 5,000 | 10,000 | పీడీ |
| డాక్టర్ విజిట్లు | 4,500 | 1,500 | 3,000 | పీడీ |
| మందులు, సామగ్రి | 26,340 | 10,940 | 15,400 | ఎన్ఎంఈ |
| పరీక్షలు | 8,700 | 2,900 | 5,800 | (గడి ఖాళీ) |
| రిజిస్ట్రేషన్, ఫైల్ | 800 | 800 | 0 | చెల్లించదగినది కాదు |
| మొత్తం | 1,07,840 | 38,640 | 69,200 | |

దీని కింద కో-పే పది శాతం 6,920. చెల్లించింది 62,280, అక్షరాల్లోనూ అంతే ఉంది. బ్యాంకు మెసేజ్‌తో కలిసింది. దీంతో అంకెలు చదవడం అయిపోయింది. కారణాలు తేలాలి.

రెండో పేజీ ప్రకారం 'పీడీ' అంటే ప్రపోర్షనేట్ డిడక్షన్, దామాషా కోత. 'ఎన్ఎంఈ' అంటే నాన్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్, చికిత్సకు కాని ఖర్చులు. ఈ దామాషా కోత దెబ్బ ఎంతో మనవాళ్లకు బిల్లు కట్టేటప్పుడు తెలియదు. వాళ్ల పాలసీ మూడు లక్షలది. గది అద్దె పరిమితి అందులో ఒక శాతం, అంటే రోజుకు 3,000. వీళ్లు తీసుకున్న ఏసీ గది రోజుకు 4,500. పరిమితి, అసలు అద్దెలో మూడింట రెండు వంతులు. కాబట్టి గదితో ముడిపడిన మిగతా ఖర్చులన్నింటిలోనూ మూడింట రెండు వంతులే ఇస్తారు. సర్జన్‌కు 30,000 అయితే 20,000, థియేటర్‌కు 15,000 అయితే 10,000. గదిలో ఎక్కువ పెట్టింది మూడు రోజులకు 4,500. దానివల్ల ఈ నాలుగు వరుసల్లో పోయింది 19,500. ఆసుపత్రి కౌంటర్ దగ్గర గది రకం అడిగినప్పుడు పాలసీలోని ఈ ఒక్క లైను చూసుకుంటే ఈ డబ్బు మిగిలేది. ఆ మాట అబ్బాయితో అన్నాను కూడా. "అమ్మకు ఉక్కపోస్తదని తీసుకున్నమన్నా" అన్నాడు. ఆపరేషన్ అయిన తల్లికి ఏసీ గది తీసుకోవడంలో తప్పేముంది? చేర్చుకునే ముందు ఎవరూ వాళ్లకు ఈ లెక్క చెప్పకపోవడమే నాకు బాధ.

ఇక మందుల వరుస. రిమార్క్‌లో ఎన్ఎంఈ అని ఒక్కటే ఉంది. మొదట నేనూ అలాగే రాసుకున్నాను: మందుల్లో 10,940 చికిత్సకు కాని సామగ్రి. రాశాక ఆ అంకె మింగుడుపడలేదు. పిత్తాశయం ఆపరేషన్‌లో గ్లౌజులు, మాస్కులు కలిపినా పదకొండు వేలు కావు. ఫార్మసీ బిల్లులు పంపమన్నాను. వాటిలో చెల్లించని వస్తువులు ఏరితే ఇవి తేలాయి: గ్లౌజులు 1,260, ఊపిరి పీల్చి మూడు బంతులు లేపే స్పైరోమీటర్ 650, పొట్టకు కట్టే బెల్టు 750, థర్మామీటర్ 180, సేఫ్టీ క్యాన్యులా 400. మొత్తం 3,240. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన చెల్లించని వస్తువుల జాబితాలో ఇలాంటివి అరవై ఎనిమిది ఉన్నాయి, ఇవన్నీ అందులోవే. ఇలాంటి సామగ్రి కోసం పాలసీకి అదనంగా తీసుకునే కన్స్యూమబుల్స్ రైడర్ ఉంటే వచ్చేవి, వీళ్లకు అది లేదు. అందుకని ఈ 3,240 కోత సరైనదే.

మరి మిగతా 7,700 ఏమిటి? 26,340లోంచి 3,240 తీస్తే 23,100. అందులో మూడో వంతు సరిగ్గా 7,700. అంటే ముందు చికిత్సకు కాని సామగ్రి తీసేసి, మిగిలిన మందుల మీద కూడా దామాషా కోత వేశారు. రిమార్క్ ఒక కారణం చెబుతోంది, అంకెలో రెండు కారణాలు ఉన్నాయి. ఫొటోను ఎంత పెద్దది చేసి చూసినా ఇది దొరకదు. కోత అంకెను రిమార్క్ చెప్పిన కారణంతో మళ్లీ తయారు చేయగలిగితేనే ఆ కారణం నిజం. చేయలేకపోతే అందులో ఇంకోటి కలిసి ఉన్నట్టు.

పరీక్షల వరుసదీ ఇదే కథ. రిమార్క్ గడి ఖాళీగా కనిపిస్తోంది. ఇలాంటి కోత చూసినప్పుడు ఏదో రిపోర్టు జత చేయలేదేమో అనుకోవడం మామూలు, నేనూ అదే అడిగాను. అన్ని రిపోర్టులూ జతచేశామన్నాడు. 8,700లో మూడో వంతు 2,900. ఇదీ దామాషా కోతే. ఒరిజినల్ కాగితం తెప్పించి చూస్తే విషయం బయటపడింది. మందుల వరుస రిమార్క్‌లో నిజానికి రెండు లైన్లు ఉన్నాయి, 'ఎన్ఎంఈ' కింద చిన్నగా 'పీడీ' అని. మడత గీత సరిగ్గా దాని మీద పడి ఫొటోలో చెరిగిపోయింది. పరీక్షల వరుసలోని 'పీడీ' మరీ కుడి అంచుకు జరిగి అచ్చయింది, ఫొటోలో తెగిపోయింది. రెండోసారి తీసిన ఫొటోలో కూడా అంచు వంగి ఆ రెండక్షరాలు నీడలో పడ్డాయి. రిమార్క్ గడిలో మాట పట్టక కింది లైనుకు జారినప్పుడు అది కింది వరుసదేమో అనిపించడం కూడా తరచూ జరుగుతుంది. అప్పుడు కూడా తేల్చేది భాగహారమే.

కారణాలు తేలాక, వాటిలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అన్నది వేరే ప్రశ్న. అబ్బాయికి కోపంగా ఉంది, మొత్తం 38,640 మీద ఫిర్యాదు పెడదామన్నాడు. నేను వద్దన్నాను. అన్నింటికీ కలిపి పెడితే, నిలవని వాటికి జవాబిచ్చి నిలిచేవాటిని కూడా పక్కన పెట్టేస్తారు.

దామాషా కోత దేని మీద వేయొచ్చో 2020లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. గదిని బట్టి మారే అనుబంధ వైద్య ఖర్చుల మీదే వేయాలి. మందులు, వాడి పారేసే సామగ్రి, శరీరంలో అమర్చే ఇంప్లాంట్లు, పరికరాలు, పరీక్షలు ఆ ఖర్చుల్లోకి రావు. ఐసీయూ ఛార్జీల మీద కూడా వేయకూడదు. గది రకాన్ని బట్టి రేటు మార్చని ఆసుపత్రిలో అసలు దామాషా కోతే కుదరదు. వాళ్ల పాలసీ పుస్తకం తెప్పించి 'అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్' నిర్వచనం తీశాను. మందులు, పరీక్షలు మినహాయింపు అని అందులోనూ రాసి ఉంది. ఫిర్యాదుకు బయటి నిబంధన కన్నా వాళ్ల సొంత పాలసీలోని వాక్యమే ఎక్కువ పనిచేస్తుందని నా అనుభవం.

సర్జన్, థియేటర్ వరుసల కోసం ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో రేట్ల పట్టిక అడిగి తెప్పించాం. జనరల్ వార్డుకు ఒక రేటు, షేరింగ్ గదికి ఒకటి, సింగిల్ ఏసీకి ఒకటి అని ఉంది. సర్జన్, మత్తు డాక్టర్, థియేటర్, విజిట్లు నాలుగూ గదిని బట్టి మారుతున్నాయి. కాబట్టి ఆ 19,500 కోత సరైనదే. రేటు అన్ని గదులకూ ఒకటే అయి ఉంటే అదీ అడిగేవాళ్లం. రిజిస్ట్రేషన్, ఫైల్ ఛార్జీలు విడిగా ఇవ్వరు, గది అద్దెలో, చికిత్స ఖర్చులో అవి కలిసిపోయినట్టే లెక్క. ఆ 800 కూడా వదిలేశాం.

అడగాల్సింది రెండే: మందుల మీద 7,700, పరీక్షల మీద 2,900. కలిపి 10,600. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఈ మొత్తం చేతికి రాదు, దీని మీదా పది శాతం కో-పే పోతుంది. వచ్చేది 9,540. ఫిర్యాదులో 10,600 అని రాసి 9,540 వచ్చినప్పుడు మళ్లీ కోశారనుకోకుండా, కో-పే లెక్క కూడా ఉత్తరంలోనే వేసి చూపించాను.

ఉత్తరం ఒక్క పేజీ. క్లెయిమ్ నంబర్, పాలసీ నంబర్, సెటిల్‌మెంట్ లెటర్ తేదీ పైన పెట్టాం. ఆ తర్వాత రెండు వరుసలు మాత్రం తీసుకున్నాం. మందుల వరుసలో 26,340 బిల్లు, 3,240 సామగ్రి కోత మాకు సమ్మతమే, మిగిలిన 23,100 మీద వేసిన 7,700 దామాషా కోత పాలసీలోని ఫలానా నిర్వచనానికి విరుద్ధం అని. పరీక్షల వరుసకూ అంతే. కోపపు మాట ఒక్కటీ లేదు. ఫార్మసీ బిల్లుల మీద ఆ ఐదు వస్తువులకు పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, పాలసీ పేజీ, సెటిల్‌మెంట్ లెటర్ రెండు పేజీలూ జతచేశాం. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి మెయిల్ చేసి, అందినట్టు వచ్చిన నంబర్ రాసి పెట్టుకోమన్నాను. అక్కడ నెలలో తేలకపోయినా, జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేకుండా వెళ్లొచ్చు, వకీలు అక్కర్లేదు. అక్కడికి వెళ్లడానికి ఏడాది గడువుంటుంది కాబట్టి మెయిల్ తేదీ, జవాబు తేదీ పోగొట్టుకోవద్దని చెప్పాను.

అంత దూరం పోలేదు. రెండు వారాలు దాటాక సవరించిన లెటర్ వచ్చింది. ఈసారి అబ్బాయి రెండు పేజీలూ డాక్యుమెంట్‌గా పంపాడు, నాలుగు మూలలూ కనిపిస్తున్నాయి. మందుల కోత 3,240, పరీక్షల కోత సున్నా. అనుమతించిన మొత్తం 79,800, కో-పే 7,980, చెల్లించాల్సింది 71,820, ముందిచ్చింది 62,280 పోను 9,540. వరుసలన్నీ మళ్లీ అడ్డంగా, నిలువుగా కూడి చూశాను, సరిపోయాయి. మర్నాడు వాళ్లమ్మే ఫోన్ చేసింది. "బిడ్డా, ఆ మూడు బంతులది నేను ఒక్కపారే ఊదిన, దాని పైసలు కూడా రావా?" అని అడిగింది. రావమ్మా, అది జాబితాలో ఉందని చెప్పాను. "అయితే ఇంట్లనే ఉంది, రోజూ ఊదుత తియ్యి" అంది.